ఒకే వీడియో, రెండు ఎడిట్లు: ప్రేక్షకులు ఎంతసేపు నిలిచారో సర్వైవల్ అనాలిసిస్‌తో తేల్చడం – తరచుగా అడిగే ప్రశ్నలు

వీడియో చూడటానికీ సర్వైవల్ అనాలిసిస్‌కీ ఏమిటి సంబంధం?

చికిత్స మొదలయ్యాక రోగి ఎంతకాలం బతికాడు, బిగించిన బేరింగ్ ఎన్ని గంటలు తిరిగాక అరిగిపోయింది లాంటి ప్రశ్నల కోసం పుట్టిన పద్ధతులివి. వీటన్నిటిలో ఒక మొదలు ఉంటుంది, ఒక ఘటన ఉంటుంది, మధ్యలో కాలం ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంటుంది. కొందరి విషయంలో ఆ ఘటన మన కళ్లపడక ముందే మన పరిశీలన ఆగిపోతుంది. వీడియోకి ఇది అచ్చంగా సరిపోతుంది. ప్లే నొక్కడం మొదలు, విసుగొచ్చి వెళ్లిపోవడం ఘటన. చివరిదాకా చూసినవాళ్లు, మధ్యలో నెట్ పోయినవాళ్లు, మనం డేటా తీసే సమయానికి ఇంకా చూస్తూనే ఉన్నవాళ్లు మాత్రం "వెళ్లిపోయారు" అని మనం చూడనివాళ్లు. ఇలాంటివాళ్లను ఈ శాస్త్రంలో సెన్సార్ అయినవాళ్లు అంటారు.

ఈ పేజీలో ఏ వీడియో గురించి మాట్లాడుతున్నారు?

పోటీ పరీక్షల కోచింగ్ యాప్‌లో పెట్టే "కాలం–పని" పాఠం అనుకోండి. పాత ఎడిట్ నిడివి 12 నిమిషాలు. మొదటి 45 సెకన్లలో లోగో, నమస్కారం, "పోయిన క్లాసులో ఏం చెప్పుకున్నాం" అనే గుర్తుచేత ఉంటాయి. కొత్త ఎడిట్‌లో ఆ 45 సెకన్లు తీసేశారు. వీడియో తెరవగానే బోర్డు మీద లెక్క కనబడుతుంది: ఒక పనిని రాము 10 రోజుల్లో, సోము 15 రోజుల్లో చేస్తే ఇద్దరూ కలిసి ఎన్ని రోజుల్లో చేస్తారు? అక్కడి నుంచి చివరిదాకా 11 నిమిషాల 15 సెకన్లు రెండు ఎడిట్లలోనూ ఒకటే, ఒక్క ఫ్రేమ్ కూడా తేడా లేదు.

కింద వచ్చే ప్రేక్షకుల సంఖ్యలు లెక్క చూపించడానికి నేను వేసుకున్నవి. ఏ యాప్ నుంచీ తీసినవి కావు.

ఎవరికి ఏ ఎడిట్ చూపించాలి?

చీటీ వేసినట్టు ఉండాలి. యూజర్ ఐడీని బట్టి యాదృచ్ఛికంగా సగంమందికి పాతది, సగంమందికి కొత్తది. ఒకసారి కేటాయించాక ఆ మనిషికి ఎప్పుడూ అదే రావాలి. సోమవారం పాతది, మంగళవారం కొత్తది పెట్టి పోల్చడం చాలాచోట్ల చూస్తుంటాం. అది ఎడిట్లను పోల్చడం కాదు, సోమవారాన్నీ మంగళవారాన్నీ పోల్చడం. నోటిఫికేషన్ రాగానే పరిగెత్తుకొచ్చే విద్యార్థులు వేరు, వారం తర్వాత వెతుక్కుంటూ వచ్చేవాళ్లు వేరు.

నెట్ పోయి ఆగిపోయినవాళ్లను లెక్కలోంచి తీసేస్తే పోలా?

పోదు. పదిమందితో చేసి చూద్దాం. పాత ఎడిట్ చూసిన పదిమంది ఆగిన చోట్లు సెకన్లలో ఇవి: 12, 30, 30, 75 (నెట్ పోయింది), 140, 200, 260 (డేటా తీసేసరికి ఇంకా చూస్తున్నాడు), 410, 720, 720. చివరి ఇద్దరూ పూర్తిగా చూశారు.

"పదిమందిలో ఇద్దరు పూర్తి చేశారు, 20 శాతం" అంటే నెట్ పోయినవాడినీ, ఇంకా చూస్తున్నవాడినీ పాఠం నచ్చక వెళ్లినవాళ్ల కింద జమకట్టినట్టు. ఆ ఇద్దరినీ తీసేసి "ఎనిమిదిమందిలో ఇద్దరు, 25 శాతం" అన్నా తప్పే. ఎందుకంటే 260వ సెకను దాకా చూసినవాడు కనీసం అక్కడిదాకా నిలిచాడన్న సమాచారాన్ని చెత్తబుట్టలో వేస్తున్నాం.

1958లో కప్లాన్, మయర్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి ఇక్కడ చాలా సూటిగా పనిచేస్తుంది. ఎవరైనా వెళ్లిపోయిన ప్రతి క్షణంలోనూ, సరిగ్గా ఆ క్షణానికి ముందు ఎంతమంది చూస్తున్నారు, వాళ్లలో ఎంతమంది మిగిలారు అని మాత్రమే అడగాలి. ఆ భిన్నాలను వరసగా గుణించుకుంటూ పోవాలి. అలా వచ్చిన విలువలను కాలం వెంబడి గీస్తే వచ్చేదే సర్వైవల్ గీత.

12వ సెకనులో పదిమందిలో తొమ్మిదిమంది మిగిలారు, అంటే 0.9. 30లో తొమ్మిదిమందిలో ఏడుగురు మిగిలారు. 0.9ని 7/9తో గుణిస్తే 0.7. 75లో నెట్ పోయినవాడి దగ్గర గీత కిందికి దిగదు, కానీ చూస్తున్నవాళ్ల సంఖ్య ఏడు నుంచి ఆరుకు తగ్గుతుంది. 140లో ఆరుగురిలో ఐదుగురు మిగిలారు, 0.583. 200లో ఐదుగురిలో నలుగురు, 0.467. 260లో ఇంకా చూస్తున్నవాడు నిశ్శబ్దంగా లెక్కలోంచి తప్పుకుంటాడు, ముగ్గురు ఉంటారు. 410లో ముగ్గురిలో ఇద్దరు మిగిలారు, 0.311. అంటే చివరిదాకా నిలిచేవాళ్లు దాదాపు 31 శాతం. 20కీ 31కీ మధ్య తేడా మొత్తం ఆ ఇద్దరు మనుషులదే.

నెట్ పోవడం నిజంగా పాఠంతో సంబంధం లేని విషయమేనా?

ఇది మంచి ప్రశ్న. చాలామంది దీన్ని అడగరు. కప్లాన్–మయర్ లెక్క ఒక నమ్మకం మీద నిలబడుతుంది: సెన్సార్ అయినవాడు, అప్పటికి ఇంకా చూస్తున్న మిగతావాళ్లలాంటివాడే అన్న నమ్మకం. డేటా తీసిన సమయం వల్ల ఆగిన లెక్కకు ఇది సరిగ్గానే ఉంటుంది. నెట్ సంగతి అలా కాదు. చక్రం తిరుగుతూ ఉంటే పాఠం మీద ఆసక్తి ఉన్నవాడు పదిహేను సెకన్లు ఆగుతాడు, అప్పటికే విసిగినవాడు మూసేస్తాడు. అప్పుడు "నెట్ పోయింది" అన్న ముద్ర కింద కొందరు విసుగొచ్చినవాళ్లు దాక్కుంటారు.

పట్టుకోవడానికి రెండు పనులు చేయండి. మొదట, రెండు ఎడిట్లలో ఇలా ఆగినవాళ్ల శాతం ఒకేలా ఉందా చూడండి. తేడాగా ఉంటే, కొత్త ఎడిట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు బిట్‌రేట్ పెరిగిందేమో ముందు అడగండి. అలా జరిగితే మీరు పోలుస్తున్నది ఎడిట్లను కాదు, ఫైల్ సైజులను. రెండోది, నెట్ పోయినవాళ్లందరినీ "వెళ్లిపోయారు" అని మార్చి లెక్క మళ్లీ చేయండి. తీర్మానం మారకపోతే నిశ్చింతగా ఉండొచ్చు. మారితే, ఆ లెక్కను ఎవరికీ చూపించకండి.

నిడివి వేరైనప్పుడు 60వ సెకనును 60వ సెకనుతో ఎలా పోలుస్తాం?

పోల్చకూడదు. పాత ఎడిట్‌లో 60వ సెకనుకు లెక్క మొదలై 15 సెకన్లే అయింది, కొత్తదానిలో పూర్తి నిమిషం అయింది. అందుకే ప్లేయర్ గడియారం పక్కనపెట్టి పాఠం గడియారం పెట్టుకోవాలి. బోర్డు మీద రాము–సోము లెక్క కనబడ్డ క్షణం సున్నా. పాత ఎడిట్ చూసినవాళ్ల స్థానంలోంచి 45 తీసేయాలి. పరిచయంలోనే వెళ్లినవాళ్లు సున్నా దగ్గరే వెళ్లినట్టు. వాళ్లను వదిలేయకూడదు, ఎందుకంటే ప్లే నొక్కినవాళ్లందరూ లెక్కలో ఉంటేనే రెండు గుంపులూ సమానం.

ఈ గడియారంతో ఇంకో లాభం ఉంది. పాత ఎడిట్‌లో కొందరు పరిచయాన్ని వేలితో లాగి దాటేస్తారు. వాళ్లు వెళ్లిపోలేదు, పాఠంలో సున్నా దాటారు. 1.5 వేగంతో చూసేవాళ్లు కూడా చూసిన స్థానం ప్రకారం సరిగ్గా లెక్కకొస్తారు. అయితే లాగి దాటినవాళ్లు ఎంతమందో విడిగా రాసిపెట్టుకోండి. పరిచయం మీద జనాభిప్రాయం ఆ సంఖ్యలోనే ఉంది.

సగటు వాచ్ టైమ్ చూసుకుంటే ఇంత గొడవ ఉండదు కదా?

ఉండదు, కానీ తప్పు ఎడిట్‌ని గెలిపించే ప్రమాదం ఉంది. ఒక్కో ఎడిట్‌ని వెయ్యిమంది చూశారు అనుకుందాం, నెట్ గొడవలు లేవనుకుందాం.

పాత ఎడిట్‌లో పరిచయం పూర్తయ్యేసరికి 330 మంది వెళ్లారు, పాఠం మొదలయ్యేసరికి 670 మంది ఉన్నారు. తర్వాతి రెండు నిమిషాల్లో 97 మంది వెళ్లారు, 573 మంది మిగిలారు. కొత్త ఎడిట్‌లో పాఠం మొదలయ్యేసరికి వెయ్యిమందీ ఉన్నారు. రెండు నిమిషాల్లో 220 మంది వెళ్లారు, 780 మంది మిగిలారు.

ఈ రెండు నిమిషాల చివర, అంటే పాఠంలో అదే చోటు వరకు లెక్కేద్దాం. జనం సమంగా తగ్గుతూ వచ్చారనుకుంటే, కొత్త ఎడిట్‌లో ఒక్కొక్కరు సగటున దాదాపు 107 సెకన్ల పాఠం చూశారు. పాత ఎడిట్‌లో ఒక్కొక్కరు దాదాపు 75 సెకన్ల పాఠం చూశారు. కానీ వాళ్లు పరిచయం కూడా సగటున 38 సెకన్లు చూశారు. మొత్తం కలిపితే 112. డ్యాష్‌బోర్డు 112, 107 పక్కపక్కన పెట్టి పాత ఎడిట్‌కి ఓటేస్తుంది. విద్యార్థికి అందిన పాఠం మాత్రం తలకు 32 సెకన్లు తక్కువ.

ఇక్కడ మనం కనుక్కున్నది సర్వైవల్ గీత కింది వైశాల్యం. ఒక హద్దు వరకు మాత్రమే లెక్కించే ఈ సగటును రిస్ట్రిక్టెడ్ మీన్ సర్వైవల్ టైమ్ అంటారు. నా వరకు రెండు ఎడిట్లను పోల్చడానికి ఇంతకంటే ఉపయోగపడే అంకె లేదు, ఎందుకంటే "ఒక్కొక్కరు సగటున 32 సెకన్లు ఎక్కువ పాఠం చూశారు" అంటే ఎడిటర్‌కీ అర్థమవుతుంది, యజమానికీ అర్థమవుతుంది. హద్దును ముందే నిర్ణయించుకోవాలి. గ్రాఫ్ చూశాక పెట్టిన హద్దు ఎవరికి కావలసిన ఫలితం వాళ్లకిస్తుంది.

కానీ ఆ రెండు నిమిషాల్లో కొత్త ఎడిట్ నుంచే ఎక్కువ శాతం పోయారు. అక్కడ ఏదో చెడింది కదా?

అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాస్త నిదానంగా చూద్దాం. లెక్క మొదలైనప్పుడు ఉన్నవాళ్లలో పాత ఎడిట్ నుంచి 14.5 శాతం వెళ్లారు, కొత్తదాని నుంచి 22 శాతం వెళ్లారు. ఆ రెండు నిమిషాలు రెండింట్లోనూ ఒకే ఫ్రేములు. ఎడిటర్ ఈ అంకె చూసి "పరిచయం తీసేయడంతో జనం అసలు పాఠంలో కుదురుకోలేకపోతున్నారు" అని టెన్షన్ పడతాడు, నిర్మాత పరిచయాన్ని వెనక్కి పెట్టమంటాడు.

నేను ఆ అంకెలు ఎలా వేశానో ఇప్పుడు చెబుతాను. ప్రతి వెయ్యిలో 600 మంది ఓపికస్తులు, 400 మంది తొందరమనుషులు. పరిచయం 300 మంది తొందరమనుషుల్నీ, 30 మంది ఓపికస్తుల్నీ బయటికి పంపింది. పాఠం మొదటి రెండు నిమిషాల్లో తొందరమనుషుల్లో 40 శాతం, ఓపికస్తుల్లో 10 శాతం వెళ్తారు, ఏ ఎడిట్ అయినా సరే. పాత ఎడిట్‌లో మిగిలినవాళ్లు 100 మంది తొందరమనుషులు, 570 మంది ఓపికస్తులు. వెళ్లింది 40, 57, మొత్తం 97. కొత్తదానిలో 400, 600 మంది పూర్తిగా ఉన్నారు. వెళ్లింది 160, 60, మొత్తం 220.

అంటే పాఠాన్ని ఏ ఒక్కరూ కొత్త ఎడిట్‌లో భిన్నంగా చూడలేదు. పాత ఎడిట్‌లో తొందరమనుషులు ముందే జల్లెడలోంచి జారిపోయారు, కొత్తదానిలో పాఠం దాకా వచ్చి అక్కడ వెళ్లారు. వెళ్లినవాళ్లు చోటు మార్చారు, అంతే. మిగిలిన గుంపులు ఒకేలాంటివి కానప్పుడు "ఇక్కడిదాకా వచ్చినవాళ్లలో ఎంత శాతం వెళ్లారు" అన్న పోలికకు చీటీ వేసిన బలం ఉండదు. చీటీ వేసింది ప్లే నొక్కినప్పుడు, రెండో నిమిషంలో కాదు.

మరి నిజంగా చెడిందా లేదా ఎలా తెలుస్తుంది?

శాతాలు కాదు, రెండు సర్వైవల్ గీతలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. ప్లే నొక్కిన ప్రతి వందమందిలో పాఠంలోని ఈ చోట ఎంతమంది ఉన్నారు అన్నదే ప్రశ్న. కొత్త గీత పాత గీత పైనే ఉన్నంతవరకు అక్కడిదాకా నికరంగా నష్టం లేదు. ఎక్కడైనా కొత్త గీత పాతదాని కిందికి దాటితే, ఆ దాటు పొరపాటు పరిధిలో లేకపోతే, పాత ఎడిట్‌లో నిలిచి ఉండేవాళ్లను కొత్తది పోగొట్టుకుందన్నమాట. దాన్ని తొందరమనుషుల మీదికి నెట్టేయలేం.

మన పాఠంలో అలా జరగడానికి ఒక కారణం ఉంది కూడా. తీసేసిన గుర్తుచేతలో "పది రోజుల్లో పని చేసేవాడు రోజుకు పదోవంతు చేస్తాడు" అన్న మాట ఉందనుకోండి. రాము–సోము లెక్కలో గురువుగారు దాన్ని మళ్లీ చెబుతారు, ఇద్దరూ కలిసి రోజుకు ఆరోవంతు, ఆరు రోజులు అని తేలుతుంది. ఐదో నిమిషంలో నీళ్ల ట్యాంకు, రెండు పైపుల లెక్క వచ్చినప్పుడు మాత్రం అది అందరికీ తెలుసనుకుని ముందుకెళ్తారు. గీతలు ఐదో నిమిషం తర్వాత దాటుకుంటే ముందు అనుమానించాల్సింది ఆ చోటునే. మందు కూడా అక్కడే: 45 సెకన్ల పరిచయం వెనక్కి తేవడం కాదు, పైపుల లెక్క ముందు ఆ ఒక్క వాక్యం చేర్చి మూడో ఎడిట్ పెట్టడం.

గీతలు దాటలేదంటే ఏ నష్టమూ లేదని కాదు. మొదట్లో దక్కిన లాభం తర్వాతి నష్టాన్ని కప్పేసి ఉండొచ్చు. అందుకే ప్లే నొక్కకముందే తెలిసిన విషయంతో గుంపును విడదీయండి. పోయిన క్లాసు పూర్తి చేసినవాళ్లకు వేరే గీతలు, చేయనివాళ్లకు వేరే గీతలు గీయండి. గుర్తుచేత అవసరమైనది రెండోవాళ్లకే కాబట్టి నష్టం ఉంటే అక్కడ బయటపడుతుంది.

అంతా ఒక్క హజార్డ్ రేషియోగా చెప్పేయొచ్చు కదా?

ఒక క్షణంలో ఇంకా చూస్తున్నవాళ్లు ఆ క్షణంలోనే వెళ్లిపోయే వేగాన్ని హజార్డ్ అంటారు. 1972లో డేవిడ్ కాక్స్ ప్రతిపాదించిన మోడల్ రెండు గుంపుల హజార్డులను ఒక్క నిష్పత్తిగా చెబుతుంది. ఆ ఒక్క అంకెకు అర్థం ఉండాలంటే నిష్పత్తి మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. పైన చూశాం కదా, ముందు కొత్త ఎడిట్ చాలా మెరుగు, ఆ తర్వాత పైచూపుకు అధ్వాన్నం. సాఫ్ట్‌వేర్ ఈ రెంటినీ కలిపి ఒక సగటు ఇస్తుంది, మీరు పరిశీలనను రెండో నిమిషంలో ఆపితే ఒకటి, పదో నిమిషంలో ఆపితే ఇంకొకటి వస్తుంది. వీడియోల్లో ఎడిటర్లు ఎక్కువగా ముట్టుకునేది మొదటి అరనిమిషాన్నే కాబట్టి ఈ షరతు ఇక్కడ నిలబడటం అరుదు. రెండు గీతల మధ్య తేడా నిజమా, యాదృచ్ఛికమా అని చూసే లాగ్‌–ర్యాంక్ పరీక్షకూ ఇదే బలహీనత: గీతలు దాటుకుంటే రెండు వైపులా ఉన్న తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని "తేడా లేదు" అనిపిస్తాయి.

ఎంతమంది ప్రేక్షకులు కావాలి?

573, 780 లెక్కనే తీసుకోండి. తేడా 20.7 శాతం పాయింట్లు. ఒక్కో ఎడిట్‌కి వెయ్యిమంది ఉంటే 95 శాతం నమ్మక పరిధి దాదాపు 17 నుంచి 25 వరకు. ఇవే శాతాలు వందేసిమందితో వస్తే పరిధి 8 నుంచి 33 వరకు సాగుతుంది. ఇంత పెద్ద తేడాకే ఈ పరిస్థితి. రెండు మూడు పాయింట్ల తేడా పట్టాలంటే వేలల్లో కావాలి. గీత చివరికి వెళ్లేకొద్దీ మిగిలినవాళ్లు తగ్గిపోతారు, సెన్సార్ అయినవాళ్లు ఉంటే ఇంకా తగ్గుతారు. కాబట్టి తోక దగ్గర కనిపించే మలుపులకు కథలు అల్లకండి. రోజూ తొంగిచూసి, గెలిచినట్టు కనబడ్డ రోజున ఆపేయడం కూడా కూడదు. ఆపే తేదీ ముందే రాసుకోవాలి.

ఏ సాఫ్ట్‌వేర్‌లో చేయాలి?

ఆర్‌ అనే గణాంక భాషలో `survival` ప్యాకేజీ చాలు. ఒక్కో ప్రేక్షకుడికి ఒక్కో వరస ఉండాలి. `t` అంటే పాఠం గడియారంలో ఆగిన సెకను, `left` అంటే తానై వెళ్తే 1, సెన్సార్ అయితే 0, `edit` అంటే ఆ మనిషికి వచ్చిన ఎడిట్. ఈ వరసలన్నీ ఉన్న పట్టిక `d`.

```r
library(survival)
fit <- survfit(Surv(t, left) ~ edit, data = d)
summary(fit, times = 120)
print(fit, rmean = 120)
plot(fit, col = c("black", "red"))
```

మూడో వరస 120వ సెకనులో ఎంతమంది మిగిలారో చెబుతుంది, నాలుగోది అక్కడివరకు సగటున చూసిన పాఠం సెకన్లను ప్రామాణిక దోషంతో సహా ఇస్తుంది.

యూట్యూబ్ స్టూడియోలో వచ్చే రిటెన్షన్ గ్రాఫ్‌తో ఇదంతా చేయొచ్చా?

చేయలేం. ఆ గ్రాఫ్ ఒక్కో క్షణాన్ని ఎన్నిసార్లు చూశారో చెబుతుంది, ఎవరు ఎక్కడ వెళ్లారో కాదు. వెనక్కి జరిపి మళ్లీ చూస్తే గీత పైకి లేస్తుంది, 100 శాతం కూడా దాటొచ్చు. సర్వైవల్ గీత ఎప్పుడూ పైకి లేవదు. పైగా ఒక్కో ప్రేక్షకుడి వివరాలు యూట్యూబ్ ఇవ్వదు, రెండు ఎడిట్లను చీటీ వేసి పంచదు కూడా. రెండు వీడియోలుగా అప్‌లోడ్ చేస్తే ఏది ఎవరికి చూపాలో సిఫార్సు వ్యవస్థే నిర్ణయిస్తుంది. సొంత యాప్‌లోనో, సొంత వెబ్‌సైట్‌లోనో మీ ప్లేయర్ ఉంటేనే ఈ పద్ధతి.

ప్లేయర్ లాగ్‌లో ఏం చూసుకోవాలి?

చాలా ప్లేయర్లు "ఇంకా నడుస్తోంది" అని పది సెకన్లకోసారి ఒక సంకేతం పంపుతాయి. చివరి సంకేతం 30 దగ్గర ఉంటే మనిషి 30కీ 40కీ మధ్య ఎక్కడో వెళ్లాడని అర్థం. గీత సరిగ్గా పదుల దగ్గరే మెట్లు మెట్లుగా దిగుతుంటే కారణం ఇదే. ఇలాంటి డేటాతో "మొదటి ఐదు సెకన్లలో ఏం జరిగింది" అని అడగడం వృథా. అది కావాలంటే మొదటి నిమిషానికైనా సంకేతాన్ని సెకనుకోసారి పంపించమని డెవలపర్‌ని అడగండి. 45 సెకన్ల జరుపు పదుల్లో ఇమడదు కాబట్టి రెండు ఎడిట్లలో మెట్లు వేర్వేరు చోట్ల పడతాయి, ఆ ఐదు సెకన్ల ఎడం తేడాగా కనబడి మోసం చేస్తుంది.

ఇంకొకటి, వీడియో నడుస్తుండగా వేరే ట్యాబ్‌కి వెళ్లినవాళ్ల నుంచి కూడా సంకేతాలు వస్తూనే ఉంటాయి. ట్యాబ్ కనబడుతోందా లేదా అన్నది కూడా లాగ్‌లో ఉండాలి. అది లేకపోతే చివరిదాకా "చూసిన"వాళ్లలో ఖాళీ కుర్చీలు కొన్ని ఉంటాయి.

ఒకే విద్యార్థి మూడుసార్లు తెరిస్తే మూడు వరసలా?

ఒక్కటే, మొదటిసారిది. రెండోసారి వచ్చినవాడికి ఏముందో ముందే తెలుసు, నేరుగా పైపుల లెక్కకు వెళ్తాడు. అన్నీ కావాలనిపిస్తే వరసలన్నీ ఉంచి, ఒకే మనిషి వరసలను ఒక గుంపుగా చూడమని `survfit` కి `cluster` ఇవ్వండి, `id` ఇవ్వకండి. `id` అంటే ఒకే మనిషి కాలాన్ని ముక్కలుగా రాశారని అది అనుకుంటుంది, వేర్వేరుసార్లు తెరిచినవాటికి కావలసింది `cluster` ఒక్కటే.